విమానం ఎక్కనివ్వలేదు, డబ్బూ ఇవ్వలేదు: డీజీసీఏ దాకా ఫిర్యాదు ఎలా తీసుకెళ్లాలి?

టికెట్ కన్ఫర్మ్ అయి ఉంది. టైమ్‌కే ఎయిర్‌పోర్ట్‌కు చేరారు. అయినా కౌంటర్‌లో సీటు లేదన్నారు. ఇంటికొచ్చి ఎయిర్‌లైన్‌కు మెయిల్ రాస్తే "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని మొదలై, చివరికి రూపాయి కూడా రాదని తేల్చే జవాబు వచ్చింది. ఈ వ్యాసం అక్కడి నుంచి ఏం చేయాలన్న దాని గురించే. మన దేశంలో పౌర విమానయానాన్ని నియంత్రించేది డీజీసీఏ. దానికి ఫిర్యాదు చేయడం కష్టమేమీ కాదు. కానీ ఏం అడగాలో, ఎలా అడగాలో తెలియకుండా రాస్తే, ఆ ఫిర్యాదు తిరిగి ఎయిర్‌లైన్ దగ్గరికే వెళ్తుంది, పాత జవాబే మళ్లీ వస్తుంది.

ముందు ఎయిర్‌లైన్ జవాబును మళ్లీ చదవండి

కోపంలో చదివిన జవాబును రెండు రోజులయ్యాక మరోసారి తీరిగ్గా చదవండి. అందులో మీరు చూడాల్సింది ఒక్కటే: వాళ్లు మిమ్మల్ని ఏ ఖాతాలో వేశారు? సీట్ల కంటే ఎక్కువ టికెట్లు అమ్మి మిమ్మల్ని ఆపేస్తే అది డినైడ్ బోర్డింగ్. మీరే రాలేదని, ఆలస్యంగా వచ్చారని రాసుకుంటే అది నో-షో. డినైడ్ బోర్డింగ్ అయితే వాళ్లు మీకు నష్టపరిహారం బాకీ. నో-షో అయితే పన్నులు, ఎయిర్‌పోర్ట్ ఫీజులు వెనక్కిచ్చి చేతులు దులుపుకోవచ్చు. గొడవంతా ఈ రెండు మాటల మధ్యే నడుస్తుంది.

జవాబులో సూటిగా చెప్పకపోయినా మీ బ్యాంకు ఖాతా చెబుతుంది. ఏడు వేల టికెట్‌కు వెయ్యో, పన్నెండు వందలో మాత్రమే వెనక్కి వచ్చిందంటే, పన్నులు, యూడీఎఫ్ లాంటి ఎయిర్‌పోర్ట్ ఫీజులు తిరిగిచ్చి మిగతాది ఉంచేసుకున్నారన్నమాట. అంటే మీరు నో-షో కింద నమోదై ఉండొచ్చు.

ఇంకో రకం జవాబు "ఆపరేషనల్ కారణాల వల్ల" అంటుంది. వాతావరణం, భద్రత లాంటి తమ చేతిలో లేని కారణాలకు పరిహారం ఇవ్వక్కర్లేదన్న మినహాయింపు నిబంధనల్లో ఉన్న మాట నిజమే. కానీ అది విమానం రద్దయినప్పుడు, ఆలస్యమైనప్పుడు వర్తించేది. మీ విమానం టైమ్‌కే ఎగిరి, మీరు మాత్రమే కింద మిగిలిపోతే ఆ మినహాయింపు వెనక దాక్కోవడానికి లేదు.

మూడో రకం "మీరు ఏజెంట్ దగ్గర కొన్నారు, వాళ్లనే అడగండి" అంటుంది. ఏజెంటైనా, బుకింగ్ పోర్టలైనా ఎయిర్‌లైన్ నియమించుకున్న ప్రతినిధులే కాబట్టి రీఫండ్ బాధ్యత ఎయిర్‌లైన్‌దేనని డీజీసీఏ రీఫండ్ నిబంధన స్పష్టంగా చెబుతోంది. పోర్టల్ విడిగా తీసుకున్న కన్వీనియన్స్ ఫీజు సంగతి వేరు, అది పోర్టల్‌నే అడగాలి.

జవాబుతో పాటు వోచర్ ఇస్తామంటే తొందరపడి ఒప్పుకోవద్దు. డబ్బుకు బదులు క్రెడిట్ షెల్, అంటే తర్వాతి టికెట్‌కు వాడుకునేలా ఎయిర్‌లైన్ దగ్గరే ఉంచే మొత్తం, తీసుకోవాలా వద్దా అన్నది ప్రయాణికుడి ఇష్టం, ఎయిర్‌లైన్ తనంతట తాను అలా సర్దేయకూడదు. "దీంతో ఈ విషయం పూర్తిగా పరిష్కారమైంది" అన్న వాక్యం ఉన్న మెయిల్‌కు ఓకే అని జవాబిస్తే తర్వాత మీ వాదన బలహీనపడుతుంది.

మీకు అసలు ఎంత రావాలో లెక్క వేయండి

పరిహారం లెక్క డీజీసీఏ నిబంధనల్లో ఉంది. dgca.gov.in లో `CAR Section 3 Series M Part IV` అని ఉన్న పీడీఎఫ్ తీసుకోండి. రీఫండ్ నిబంధనలు అదే సిరీస్‌లోని పార్ట్ 2 లో ఉంటాయి. వీటిని అప్పుడప్పుడు సవరిస్తుంటారు. అందుకే ఎవరో వాట్సాప్‌లో పంపిన పాత కాపీ కాకుండా, మీ ప్రయాణం రోజుకు అమల్లో ఉన్న కాపీనే చూడండి.

డినైడ్ బోర్డింగ్‌కు లెక్క ఇలా నడుస్తుంది. ముందుగా ఎయిర్‌లైన్ స్వచ్ఛందంగా సీటు వదులుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడగాలి. అలా ఎవరూ ముందుకు రాక మిమ్మల్ని బలవంతంగా ఆపేసి, అసలు టైమ్‌కు గంటలోపు బయలుదేరే ఇంకో విమానంలో పంపిస్తే పరిహారం లేదు. గంట దాటి, 24 గంటలలోపు పంపిస్తే ఒకవైపు బేసిక్ ఫేర్, ఫ్యూయల్ చార్జీ కలిపి దానికి రెండింతలు, గరిష్ఠంగా 10,000 రూపాయలు. 24 గంటలు దాటితే నాలుగింతలు, గరిష్ఠంగా 20,000. వాళ్లు చూపించిన విమానం మీకు వద్దంటే టికెట్ మొత్తం డబ్బుతో పాటు అదే నాలుగింతల పరిహారం, పరిమితి 20,000.

ఈ లెక్క మొత్తం టికెట్ మీద కాదు, బేసిక్ ఫేర్, ఫ్యూయల్ చార్జీల మీద మాత్రమే. చాలామంది ఇక్కడే పొరపాటుపడి, ఏడు వేల టికెట్‌కు 28 వేలు రావాలని రాస్తారు. ఆ ఒక్క అంకె చూసి అవతలివాళ్లు ఫిర్యాదునే తేలిగ్గా తీసుకుంటారు. విడివిడి అంకెలు టికెట్ మీద కనబడకపోతే ఎయిర్‌లైన్ సైట్‌లో జీఎస్టీ ఇన్‌వాయిస్ డౌన్‌లోడ్ చేసుకుని చూడండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఖమ్మం నుంచి శంషాబాద్ వచ్చి ఉదయం 6:10 విమానంలో ఢిల్లీ వెళ్లాల్సిన ప్రయాణికుడు. టికెట్‌లో బేసిక్ ఫేర్ 5,200, ఫ్యూయల్ చార్జీ 400, పన్నులు, ఎయిర్‌పోర్ట్ ఫీజులు 1,150. మొత్తం 6,750 రూపాయలు. ముందురోజు రాత్రే వెబ్ చెక్-ఇన్ చేశాడు. బ్యాగ్ ఇవ్వడానికి 4:40కి కౌంటర్‌కు వెళ్తే ఫ్లైట్ ఫుల్ అన్నారు. మర్నాడు సాయంత్రం విమానంలో సీటిస్తామన్నారు. అతనికి ఆ మధ్యాహ్నమే ఢిల్లీలో పని ఉంది, అందుకని ఇంకో ఎయిర్‌లైన్‌లో 11,900 పెట్టి టికెట్ కొనుక్కుని వెళ్లాడు. తర్వాత ఖాతాలో పడింది 1,150.

అతనికి రావాల్సింది చూద్దాం. 5,200, 400 కలిపితే 5,600. దానికి నాలుగింతలు 22,400. పరిమితి వల్ల అది 20,000 అవుతుంది. టికెట్ డబ్బు 6,750లో 1,150 వచ్చేసింది కాబట్టి ఇంకా 5,600 రావాలి. మొత్తం అడగాల్సింది 25,600 రూపాయలు. కొత్త టికెట్‌కు పెట్టిన 11,900 ఈ లెక్కలోకి రాదు. దాన్ని డీజీసీఏ ఫిర్యాదులో కలపొద్దు, దాని చోటు వేరే ఉంది, తర్వాత చెప్తాను.

టైమ్‌కు వచ్చారని ఎలా నిరూపిస్తారు?

ఎయిర్‌లైన్ "ఆలస్యంగా వచ్చారు" అంటే దాన్ని తిప్పికొట్టే కాగితం మీ దగ్గర ఉండాలి. వెబ్ చెక్-ఇన్ బోర్డింగ్ పాస్ మంచిదే గానీ, అది మీరు ఇంట్లో కూర్చుని తీసుకున్నది. ఎయిర్‌పోర్ట్‌లో ఉన్నారని అది నిరూపించదు. దానికి కావాల్సింది టైమ్ పడ్డ రుజువులు: క్యాబ్ యాప్‌లో దిగిన టైమ్ ఉన్న రసీదు, పుష్పక్ బస్ టికెట్, పార్కింగ్ స్లిప్, టెర్మినల్ లోపల కాఫీకి కొట్టిన యూపీఐ, కౌంటర్ ముందు తీసిన ఫోటో. ఫోటోను వాట్సాప్‌లో పంపిన కాపీ కాకుండా ఫోన్‌లోని అసలు ఫైల్‌నే దాచండి. వాట్సాప్ కాపీలో తీసిన టైమ్ వివరాలు మిగలవు. ఆ ఉదయం ఇంట్లోవాళ్లకు "సీటు లేదంటున్నారు" అని పెట్టిన మెసేజ్ కూడా పనికొస్తుంది.

డిజియాత్ర గేట్ గుండా వెళ్లాం, అక్కడ రికార్డు ఉంటుందిలే అనుకోవద్దు. విమానం వెళ్లిన 24 గంటల్లో ఎయిర్‌పోర్ట్ సిస్టమ్ నుంచి ఆ వివరాలు తొలగించేలా దాన్ని రూపొందించారు. సీసీటీవీ ఫుటేజీ కూడా ఎల్లకాలం ఉండదు. ఘటన జరిగి ఇంకా ఎక్కువ రోజులు కాకపోతే ఈరోజే ఎయిర్‌లైన్‌కు, ఎయిర్‌పోర్ట్ ఆపరేటర్‌కు ఒక మెయిల్ పెట్టండి: ఫలానా తేదీ, ఫలానా టైమ్ నుంచి ఫలానా టైమ్ దాకా, ఫలానా నంబర్ కౌంటర్ దగ్గరి ఫుటేజీ ఫిర్యాదు తేలేదాకా భద్రపరచండి అని. ఫుటేజీ వాళ్లు మీకు ఇస్తారన్న నమ్మకం పెట్టుకోవద్దు. కానీ అడిగినా చెరిపేశారన్న సంగతి, తర్వాత వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాల్సి వస్తే అక్కడ మీకే ఉపయోగపడుతుంది.

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఎయిర్‌లైన్ కంప్యూటర్‌లోనే ఉంటుంది. చెక్-ఇన్ సిస్టమ్‌లో మీ పేరు మీద ఎప్పుడు చెక్-ఇన్ అయింది, ఎప్పుడు ఆఫ్‌లోడ్ చేశారు, ఏ కారణం రాశారు అన్నది టైమ్‌తో సహా నమోదవుతుంది. ఆ లాగ్ మీకు కనబడదు. డీజీసీఏ అడిగితే మాత్రం చూపించక తప్పదు. మామూలు ఫిర్యాదుల్లో ఈ కోరిక ఉండదు. మీ ఫిర్యాదులో తప్పకుండా ఉండాలి.

వీసా లేకపోవడం, గుర్తింపు కార్డు మీద పేరు తేడా, గేట్ మూసేశాక రావడం లాంటి కారణాలతో ఆపితే అది ఈ నిబంధన కిందికి రాదు. అలాంటప్పుడు పన్నుల రీఫండ్ మాత్రమే అడగండి, పరిహారం కోసం టైమ్ వృథా చేసుకోవద్దు.

డీజీసీఏకు ముందు ఇంకో రెండు మెట్లు

కస్టమర్ కేర్ ఇచ్చిన జవాబు ఎయిర్‌లైన్ తుది జవాబు కాదు. ప్రతి ఎయిర్‌లైన్‌కూ ఒక నోడల్ ఆఫీసర్, ఆయన పైన ఒక అప్పిలేట్ అథారిటీ ఉంటారు. వాళ్ల ఈమెయిళ్లు ఎయిర్‌లైన్ సైట్‌లో, మామూలుగా పేజీ అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి. ముందు నోడల్ ఆఫీసర్‌కు రాయండి. తేలకపోతే అప్పిలేట్‌కు. ఈ మెట్లు దాటేసి వెళ్తే ఫిర్యాదును తిప్పి ఇక్కడికే పంపే అవకాశం ఎక్కువ.

మెయిల్ ఒక పేజీ దాటకూడదు. లెక్క రాయండి, ఏ నిబంధన ప్రకారం అడుగుతున్నారో దాని పేరా నంబర్ రాయండి, 15 రోజుల గడువు పెట్టండి. కౌంటర్‌లో అమ్మాయి దురుసుగా మాట్లాడిందన్న సంగతి ఇక్కడ వద్దు. అది రాస్తే వాళ్లు దానికి క్షమాపణ చెప్పి, డబ్బు ఊసెత్తకుండా ఫైల్ మూసేస్తారు.

ఎయిర్‌సేవలో ఫిర్యాదు

గడువు దాటిందా, లేదా మళ్లీ అదే జవాబు వచ్చిందా, ఇక airsewa.gov.in కు వెళ్లండి. ఇది పౌర విమానయాన శాఖ పోర్టల్, ఫోన్‌లో యాప్ కూడా ఉంది. విమాన ప్రయాణ ఫిర్యాదులు ఎయిర్‌లైన్‌కూ, డీజీసీఏకూ చేరే అధికారిక దారి ఇదే. మొబైల్ నంబర్‌తో రిజిస్టర్ చేసుకుని, ఎయిర్‌లైన్, ఫ్లైట్ నంబర్, తేదీ, పీఎన్‌ఆర్ నింపాలి. విషయాన్ని ఎంచుకునే చోట రీఫండ్ కూడా ఉంది కదా అని అది నొక్కితే మీ కేసు రీఫండ్ కేసుగా మారిపోతుంది. డినైడ్ బోర్డింగ్‌కు సంబంధించినదే ఎంచుకోండి, రీఫండ్ సంగతి వివరణలో రాయండి.

వివరణ ఇంగ్లీషులో రాయడం మంచిది, చదివేది ఢిల్లీలో. మన ఖమ్మం ప్రయాణికుడి ఫిర్యాదు సారం ఇలా ఉంటుంది:

"కన్ఫర్మ్ అయిన టికెట్‌తో, వెబ్ చెక్-ఇన్ చేసుకుని, 6:10 విమానానికి 4:40కి కౌంటర్‌లో ఉన్నాను. సీటు లేదని నన్ను ఎక్కనివ్వలేదు. విమానం టైమ్‌కే వెళ్లింది. నాకు చూపిన ప్రత్యామ్నాయం 24 గంటలు దాటినది, అందుకే వద్దన్నాను. ఎయిర్‌లైన్ నన్ను నో-షోగా చూపి 1,150 మాత్రమే ఇచ్చింది. నోడల్ ఆఫీసర్, అప్పిలేట్ అథారిటీ జవాబులు జతచేశాను. పరిహారం 20,000, మిగిలిన టికెట్ డబ్బు 5,600, మొత్తం 25,600 ఇప్పించండి. ఎయిర్‌లైన్ నో-షో అంటే, నా పీఎన్‌ఆర్‌కు సంబంధించిన చెక్-ఇన్ సిస్టమ్ లాగ్, ఆ విమానంలో ఎన్ని సీట్లు, ఎంతమందికి కన్ఫర్మ్ టికెట్లు ఇచ్చారన్న వివరం తెప్పించుకుని చూడండి. స్వచ్ఛందంగా దిగేవాళ్ల కోసం అడిగారా లేదా అన్నది కూడా చెప్పమనండి."

ఇంతే చాలు. జత చేసే కాగితాలు అన్నీ కలిపి ఒకే పీడీఎఫ్‌గా, తేదీల వరుసలో పెట్టండి: టికెట్, ఇన్‌వాయిస్, బోర్డింగ్ పాస్, టైమ్ రుజువులు, మెయిళ్లు, ఖాతాలో 1,150 పడ్డ పేజీ. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో మిగతా లావాదేవీలు చెరిపేసి పెట్టండి. ఫిర్యాదు నంబర్ వచ్చిన వెంటనే స్క్రీన్‌షాట్ తీసుకోండి.

తర్వాత జరిగేది తెలిసి ఉంటే నిరాశ ఉండదు. మొదటి జవాబు చాలాసార్లు ఎయిర్‌లైన్ నుంచే వస్తుంది, అది పాత మెయిల్ కాపీ అయినా ఆశ్చర్యపోనక్కర్లేదు. స్టేటస్ "క్లోజ్డ్" అని చూపిస్తే వదిలేయకండి. మీరు అడిగిన లాగ్ గురించి జవాబు లేదని, సంతృప్తిగా లేనని అక్కడే నమోదు చేయండి. ఆ పేజీ కూడా దాచుకోండి.

అప్పుడు pgportal.gov.in లో పౌర విమానయాన శాఖను ఎంచుకుని రెండో ఫిర్యాదు పెట్టండి. కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ ఇది. 2024 నుంచి 21 రోజుల్లో తేల్చాలన్న లక్ష్యం పెట్టుకున్నారు. తేల్చిన తీరు నచ్చకపోతే 30 రోజుల్లో అప్పీల్ చేయొచ్చు. ఇక్కడ మీ ఫిర్యాదు ఎయిర్‌లైన్ మీద కాదు, ఎయిర్‌సేవలో ఫలానా నంబర్ ఫిర్యాదును డీజీసీఏ పరిశీలించకుండా మూసేశారని రాయాలి. దాంతో జవాబు చెప్పాల్సింది ప్రభుత్వ అధికారి అవుతారు. అదే కాగితాల సెట్‌ను స్పీడ్ పోస్ట్‌లో కూడా పంపాలనుకుంటే డీజీసీఏ చిరునామా సఫ్దర్‌జంగ్ ఎయిర్‌పోర్ట్ ఎదురుగా, అరబిందో మార్గ్, న్యూఢిల్లీ 110003.

డీజీసీఏ ఏం చేయగలదు, ఏం చేయలేదు

ఎయిర్‌లైన్‌ను వివరణ అడగగలదు, నిబంధన ప్రకారం చెల్లించమని చెప్పగలదు, జరిమానా వేయగలదు. 2022 జూన్‌లో ఇలాగే జరిగింది. సరైన టికెట్లు ఉన్నవాళ్లను ఎక్కించుకోకపోవడం, పరిహారం ఇవ్వకపోవడం మీద బెంగళూరు, హైదరాబాద్, ఢిల్లీల్లో తనిఖీలు చేసి, ఎయిర్ ఇండియాకు 10 లక్షల జరిమానా వేసింది. ఆ జరిమానా ప్రభుత్వానికి వెళ్తుంది, ప్రయాణికుడి జేబులోకి కాదు.

చేయలేనిది ఏమిటంటే, అది కోర్టు కాదు. మీరు 4:40కి వచ్చారా 5:20కి వచ్చారా అని సాక్షుల్ని విచారించి తీర్పు చెప్పదు. మానసిక వేదనకు, పోయిన పనికి, కొత్త టికెట్‌కు పెట్టిన 11,900కి డబ్బు ఇప్పించదు. అవి కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషనే దారి. e-jagriti.gov.in లో ఆన్‌లైన్‌గానే వేయొచ్చు. సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే వేసుకోవచ్చు, ఢిల్లీ చుట్టూ, గురుగ్రామ్ చుట్టూ తిరగక్కర్లేదు. మన ప్రయాణికుడు ఖమ్మంలోనే వేయొచ్చు.

గడువు రెండేళ్లు. ఘటన జరిగిన రోజు నుంచి లెక్క. ఎయిర్‌సేవలో, ఇంకోచోట ఫిర్యాదు నడుస్తోంది కదా అని ఆ గడియారం ఆగదు. అలాగని మొదటి రోజే కమిషన్‌కు పరుగెత్తడమూ తెలివైన పని కాదు. కోర్టులో ఉన్న విషయాన్ని ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ ముట్టుకోదు. కాబట్టి డీజీసీఏ దారిని ముందు నడిపించండి, ఆరునెలల్లో తేలకపోతే కమిషన్‌లో వేయండి. అప్పటికి ఎయిర్‌లైన్ ఒక్కోచోట ఒక్కో కారణం చెప్పి ఉంటుంది. కస్టమర్ కేర్‌లో "ఆపరేషనల్", ఎయిర్‌సేవలో "నో-షో" అని రెండు జవాబులు రాతపూర్వకంగా దొరికితే, కమిషన్ ముందు మీకు అంతకన్నా మంచి సాక్ష్యం ఉండదు.

అమెరికా నుంచి వస్తూ అక్కడి ఎయిర్‌పోర్ట్‌లో ఇలా ఆపేస్తే ఈ నిబంధనలు పనికిరావు. అక్కడ బయలుదేరే విమానాలకు అమెరికా రవాణా శాఖ రూల్స్ వర్తిస్తాయి, ఫిర్యాదు transportation.gov లో పెట్టాలి. శంషాబాద్‌లో ఆపితే మాత్రం పైన చెప్పిన దారే. విదేశీ ఎయిర్‌లైన్ అయితే పరిహారం అంకెలు వాళ్ల దేశపు నిబంధన ప్రకారం మారొచ్చు, ముందు అది చూసుకోండి.

డబ్బు పడ్డాక ఎయిర్‌లైన్ నుంచి "ఫిర్యాదు ఉపసంహరించుకోండి" అని ఫోన్ వస్తే, పడింది ఎంతో చూసుకుని మాట్లాడండి. 20,000 పడి 5,600 పడలేదంటే ఉపసంహరించుకోవద్దు. పరిహారం వచ్చింది, టికెట్ డబ్బు ఇంకా రావాలి అని అదే ఫిర్యాదు నంబర్ కింద రాసి, ఫిర్యాదును తెరిచే ఉంచండి.